దగ్గు ఆగిన పెళ్ళి

"దగ్గు తగ్గిందా?" అని ఎవరైనా అడిగితే రుక్కమ్మకు ఒళ్ళు మండేది. అడిగేవాళ్ళు మంచికే అడిగేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా మండేది.

శంషాబాద్ బస్టాండు దాటి ఎయిర్‌పోర్టు వైపు తిరిగే రోడ్డు పక్కన, నాలుగు రేకుల నీడలో ఆమె జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఫ్లైటు దిగే సవారీల కోసం కాచుకొని ఉండే క్యాబు డ్రైవర్లు సాయంత్రం కాగానే అక్కడికి చేరేవారు. పొయ్యి వెనక పాత చీరతో కట్టిన తెర. ఆ తెర వెనక కూతురు బిందు కూర్చొని బడి రాతలు రాసుకునేది. రాస్తూ రాస్తూ దగ్గేది. ఒకటి రెండుసార్లు కాదు, ఊపిరి అందనంతగా, గిన్నె అడుగు గీకినట్టు.

తింటున్నవాడి చేయి ఆగేది. "అక్కా, పిల్లకు దగ్గు ఇంకా తగ్గలేదా?"

"తగ్గొద్దు" అనేది రుక్కమ్మ.

"గదేంది?"

"తగ్గొద్దంటే తగ్గొద్దు. నువ్వు రొట్టె తిను, సల్లారుతున్నది."

కొత్తవాడైతే పక్కవాడి మొహం చూసేవాడు. పాతవాడైతే నవ్వి, "ఆ ముచ్చట ఎత్తకు తమ్మీ, రొట్టె మాడుతది" అనేవాడు.

రుక్కమ్మ పుట్టిన ఊరి చేలు ఎయిర్‌పోర్టు కింద పోయాయి. జొన్న పండించిన ఇంటి పిల్ల కనుక జొన్నపిండితో చేసే పని ఆమె చేతులకు ఎవరూ నేర్పలేదు. పీట మీద పిండిముద్ద పెట్టి అరచేత్తో తడుతూ తిప్పితే, చూస్తుండగానే చందమామంత అయ్యేది. మేనమామ కొడుకు మల్లేశ్వర్‌ను చేసుకుంది. చిన్ననాటి నుంచి బావా అని పిలిచినవాడు మొగుడయ్యాడు. బావ ముందు ట్రాక్టరు నడిపాడు, ఎయిర్‌పోర్టు వచ్చాక క్యాబు పట్టాడు.

వాళ్ళకు మొదట పుట్టింది శేఖర్. పుట్టిన మూడో నెల నుంచి దగ్గు. బువ్వ మాత్రం పెద్దమనిషిలా తినేవాడు, తిన్నది ఒంటికి పట్టేది కాదు. విరేచనం జిడ్డుగా, నీళ్ళు పోసినా పోని వాసనతో ఉండేది. ఎండాకాలం వాడి నల్లచొక్కా వీపున తెల్లటి చారలు కట్టేవి. నానమ్మ వాడి బుగ్గ మీద ముద్దు పెట్టి, పెదవులు నాక్కొని, "ఉప్పు మూటరా నువ్వు" అని నవ్వేది. ఇల్లంతా నవ్వేది. ఉప్పు అందరికీ తగిలింది. అది రోగం చేస్తున్న సైగ అని ఎవరికీ తెలియలేదు. తెలియాల్సినవాళ్ళకు చెబితే వాళ్ళూ వినలేదు.

ఒక దవాఖానలో ఆస్తమా అన్నారు. ఇంకో దవాఖానలో ఛాతీ ఫోటో చూసి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగించారు. దగ్గు పోలేదు. మళ్ళీ ఫోటో తీసి, మందు సరిగ్గా వేయలేదని రుక్కమ్మను తిట్టి, మళ్ళీ మొదటి నుంచి టీబీ మందులే రాశారు. వాడి కఫం ఒక్కసారైనా పరీక్షకు పంపలేదు. పిల్లలకు కఫం ఎక్కడొస్తుందమ్మా అన్నారు. దోసిట్లో పట్టి చూపించేంత వచ్చేది. రుక్కమ్మ చూపించింది కూడా. ముక్కు మూసుకున్నారు.

ఐదో ఏట, ఒక వానాకాలం, శేఖర్ బాగా నీరసించాడు. ఒక పొద్దున దగ్గు ఆగిపోయింది. "దగ్గు తగ్గింది" అన్నాడు మల్లేశ్వర్. నానమ్మ పోచమ్మకు మొక్కింది. వాడి మేనత్త భారతమ్మ బడంగ్‌పేట్ నుంచి వచ్చి వాడకట్టంతా చక్కెర పంచింది. పిల్లవాడు దగ్గకుండా, ఏడవకుండా పడుకొని ఉంటే ఇల్లు పండుగలా ఉంది. మూడో రోజు వాడు పోయాడు.

దగ్గడానికి బలం చాలక ఆగిన దగ్గు అది. ఆ ముక్క రుక్కమ్మకు మూడేళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

బిందుకు అదే దగ్గు, అదే తిండి, అవే తెల్లచారలు. 2009లో, నాలుగేళ్ళ బిందును ఎత్తుకొని రుక్కమ్మ నగరంలోని పిల్లల దవాఖానకు పోయింది. అక్కడి ఊపిరితిత్తుల డాక్టరు మాధవీలత పాత ఫోటోలన్నీ చూసి పక్కన పెట్టి, ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటుందా అమ్మా?"

రుక్కమ్మకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. "గీ మాట మా పోరనప్పుడు ఎవ్వరు అడగలే మేడం. ఐదేండ్లు తిరిగిన. ఒక్కలంటె ఒక్కలు అడగలే."

మాధవీలత తల వంచుకుంది. ముంజేతి మీద మందు రాసి, సన్నగా కరెంటు పెట్టి, చెమట పట్టి పరీక్షకు పంపింది. చెమటలో ఉప్పు ఉండాల్సిన దానికంటే ఎంతో ఎక్కువ ఉంది. కాగితం మీద సిస్టిక్ ఫైబ్రోసిస్ అని రాసి ఇచ్చింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన బీజాలు రెండు కలిస్తే వచ్చే జబ్బు అని చెప్పింది. మేనరికాల్లో ఇద్దరి దగ్గరా ఒకే బీజం ఉండే అవకాశం ఎక్కువ అంది. దీనికి నయం కావడం అనేది లేదు, కానీ రోజూ చేసే పని ఉంది అంది.

"మనందరి ఊపిరిగొట్టాల్లో పల్చటి జిగురు ఉంటుంది. దుమ్మును, పురుగులను పట్టుకొని మెల్లగా పైకి జారుతుంది. మీ పాపకు ఆ జిగురులో నీరు తక్కువ. గంజి ఆరి బంకైనట్టు గొట్టాలకు అతుక్కుంటుంది. కదలని చోట పురుగు చేరుతుంది. పురుగు చేరినచోట గొట్టం పుండుపడి సాగిపోతుంది, సాగినచోట ఇంకా జిగురు నిలుస్తుంది. అందుకని ఆ జిగురును మనమే కదిలించి బయటికి రప్పించాలి. దగ్గు శత్రువు కాదమ్మా. ఆ గొట్టాలను ఊడ్చే చీపురు."

ఆ మాట విన్న రోజు రుక్కమ్మకు చక్కెర పంచిన వాడకట్టు గుర్తొచ్చింది.

కదిలించే పని నేర్పింది సింధూర. ఏలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంటి పిల్ల, ఆ దవాఖానలో ఫిజియోథెరపిస్టు. బిందును ఒడిలో పక్కకు పడుకోబెట్టి, వీపు మీద పల్చటి తువ్వాలు వేసి, "ఇప్పుడు మీరు చేయండమ్మా" అంది. రుక్కమ్మ తనకు తెలిసినట్టే తట్టింది. చప్ చప్ చప్. బిందు ఏడ్చింది.

"అయ్యో, అలా కాదండీ. మీరు రొట్టె చేస్తున్నారు."

"మరి నాకు వచ్చింది గదే గదమ్మా."

"అరచెయ్యి చాపకండి. కాలువలో నీళ్ళు తాగడానికి చెయ్యి ఎలా పెడతారు? వేళ్ళు దగ్గరికి తెచ్చి, గిన్నెలా. ఆ గిన్నెలో గాలి ఉంటుంది. చెయ్యి కాదు, ఆ గాలి కొట్టాలి. నొప్పి ఉండదు. మణికట్టు వదులుగా పెట్టండి."

బోలుగా వినిపించేదాకా వారం పట్టింది. ధప్ ధప్ కాదు, బొప్ బొప్. రెండు చేతుల మధ్య తిన్నగా నడిచే సవ్వడి. ఎడమ పక్క, కుడి పక్క, వెనక, ముందు, చంకల కింద, ఒక్కో చోట మూడు నాలుగు నిమిషాలు. వెన్నెముక మీద, పొట్ట మీద, పక్కటెముకల కింద కొట్టకూడదు. తిన్న వెంటనే చేయకూడదు. ముందు గొట్టాలు విచ్చుకునే మందు యంత్రంతో ఆవిరిగా పీల్పించాలి, తర్వాత ఘాటైన ఉప్పునీళ్ళ ఆవిరి పీల్పించాలి, ఆ తర్వాతే చేతులు. మధ్య మధ్యలో పిల్ల నోరు తెరిచి అద్దం మీద ఆవిరి ఊదినట్టు "హా" అని గట్టిగా ఊదాలి. అప్పుడు కఫం పైకి వస్తుంది, దగ్గి ఉమ్మాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. జ్వరమున్నా లేకున్నా, పండుగైనా పబ్బమైనా.

"ఒంట్లో ఉప్పు చెమటగా పోతుంటే పైనుంచి ఉప్పునీళ్ళ ఆవిరా?" అని మల్లేశ్వర్ అడిగితే, ఉప్పు నీటిని లాగుతుంది గదా, బంక పల్చబడుతుంది అని రుక్కమ్మే చెప్పింది. ఊరగాయ జాడీలో నీరూరడం ఎరిగిన మనిషికి అది వింత కాలేదు.

వాడకట్టులో మాట పుట్టింది. పొద్దున్నే పిల్లను కొడుతుందని. ఒకామె తలుపు తీసుకొని లోపలికొచ్చి చేయి పట్టుకుంది కూడా. "కొడుతలేను. ఊడుస్తున్న" అంది రుక్కమ్మ. అర్థం కాని మనిషి నోరు వెళ్ళబెట్టుకొని పోయింది.

తర్వాతి మూడేళ్ళలో బిందు బరువు పెరిగింది. బువ్వతో పాటు అరిగించే గోళీలు మింగేది. మూడు నెలలకొకసారి దవాఖానలో కఫం పరీక్షకు ఇచ్చేది, గొట్టంలో బలంగా ఊదేది. ఊదితే నూటికి ఇంత అని ఒక అంకె వచ్చేది. 2012 మార్చిలో ఎనభై నాలుగు వచ్చింది. మంచి అంకె అంది మాధవీలత. బిందు ఆ అంకెను బడిలో మార్కులాగా చెప్పుకుంది.

ఆ మేలో భారతమ్మ కూతురి పెళ్ళి కుదిరింది. అబ్బాయిది కందుకూరు. భారతమ్మ శంషాబాద్ వచ్చి, మంచం మీద కూర్చొని, బిందును ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"తోటి పెండ్లికూతురు నా కోడలే. ఇంకెవ్వరి పిల్ల వద్దు నాకు."

పెళ్ళికూతురి పక్కన పట్టులంగా కట్టుకొని, బాసికం కట్టించుకొని కూర్చునే చిన్నపిల్ల. ఇంతకాలం ఏ పేరంటానికీ బిందును పిలవని చుట్టాలు ఉన్నారు. వాళ్ళ పిల్లలను బిందు పక్కన కూర్చోనివ్వనివాళ్ళు ఉన్నారు. భారతమ్మ మాటకు రుక్కమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఐదు దినాల ముందే పంపాలె. పసుపు కొట్టే కాడ్నించి ఉండాలె" అంది భారతమ్మ.

"నేను రాలేను వదినె, పెండ్లినాడే వస్త. గిరాకీ ఇడిసిపెడితే ఇంకోరు కూసుంటరు గా జాగల. మరి పొద్దుమాపు చేసేదో?"

"నేర్పు, చేస్త. శేఖర్‌గాన్ని ఎత్తుకొని తిరిగిన చేతులు కాదా ఇవి?"

నేర్పింది. భారతమ్మ కూడా మొదట రొట్టే తట్టింది. "చెయ్యి గిన్నె చెయ్యి వదినె" అంటూ రుక్కమ్మ ఆమె వేళ్ళు దగ్గరికి నొక్కింది. సాయంత్రానికి బోలు సవ్వడి పలికింది. ఆవిరి యంత్రం, ఉప్పునీళ్ళ చిన్న సీసాలు పది, అరిగించే గోళీలు, ఎండకు తాగాల్సిన ఉప్పు నిమ్మనీళ్ళ సంగతి, అన్నీ సంచిలో సర్ది అప్పజెప్పింది.

మొదటి రోజు ఫోనులో భారతమ్మ, "చేసిన, మస్తు ఉమ్మింది" అంది. రెండో రోజు, "మంచిగున్నది" అంది. మూడో రోజు, "దగ్గు తగ్గింది రుక్కమ్మా, నీ కడుపు సల్లగుండ. పాట పాడుతున్నది పిల్ల" అంది.

ఎవరడిగినా తగ్గొద్దు అనే రుక్కమ్మ ఆ పూట ఏమీ అనలేదు. అన్నదల్లా పెనం ముందు కూర్చున్న డ్రైవర్లతోటే. "మా వదినె చెయ్యి నా చెయ్యి కంటె మంచిగ పడ్డది." ఆ ఒక్క మాటకు తర్వాత ఆమె జీవితమంతా తనను తాను తిట్టుకుంది.

పెళ్ళినాడు పొద్దున పదింటికి ఫంక్షను హాలుకు చేరింది. మండపం మీద బిందు ఆకుపచ్చ లంగాలో, నుదుట బాసికంతో, పెళ్ళికూతురి కన్నా నిటారుగా కూర్చొని ఉంది. దగ్గు లేదు. చుట్టాలు రుక్కమ్మను పట్టుకొని, దగ్గు తగ్గిందట గదా, దేవుడు సల్లగ సూసిండు అన్నారు. రుక్కమ్మ నవ్వింది. తలంబ్రాలు అయ్యేదాకా ఆమె సంతోషంగానే ఉంది.

బిందు మండపం దిగి వచ్చి తల్లి నడుముకు చుట్టుకుంది. ఒళ్ళు వేడిగా లేదు. కళ్ళు మాత్రం మూతలు పడుతున్నాయి. ముక్కుపుటాలు ఊపిరి ఊపిరికీ అదురుతున్నాయి. అలవాటు కొద్దీ రుక్కమ్మ చేయి గిన్నెలా ముడుచుకొని వీపు మీద పడింది.

బోలుగా పలకలేదు. కుడి భుజం కింద తడిమట్టి మీద కొట్టినట్టు పలికింది.

ఆమె ఇంకోసారి కొట్టింది. ఎడమ పక్క కొట్టింది. మళ్ళీ కుడి పక్క కొట్టింది. తర్వాత పిల్ల చేయి పట్టుకొని సామాన్లు పెట్టిన గదిలోకి పోయి సంచి విప్పింది. ఉప్పునీళ్ళ సీసాలు ఎనిమిది ఉన్నాయి. వాటి మధ్యన సగం ఖాళీ అయిన ఎర్రటి సిరపు సీసా ఉంది. మూత తీసి వాసన చూసింది. మత్తు కలిసిన దగ్గుమందు. శేఖర్‌కు ఇలాంటివి ఎన్ని పట్టారో ఆమెకు లెక్కే లేదు.

భారతమ్మ వంటల దగ్గర ఉంది. రుక్కమ్మ సీసాను ఆమె కళ్ళ ముందు పెట్టింది.

"ఇదేంది వదినె?"

భారతమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "జర మెల్లగ. దగ్గుమందే గదా. మెడికల్ షాపోడు పిల్లలదే అని ఇచ్చిండు."

"నేనిచ్చిన్నా నీకిది?"

"ఏం చెయ్యమంటవే? పసుపు కొట్టేనాడు అబ్బాయి తల్లి వచ్చి కూసున్నది. పిల్ల ఒకటే దగ్గుడు. గా పిల్లకేం రోగం, టీబీనా అని అడిగింది. మర్నాడు నేను కొడుతుంటె, పెండ్లింట్ల ఈ సావుదప్పు సప్పుడేంది, మంచిది కాదని ముసలోళ్ళు అన్నరు. నాలుగు దినాలు దగ్గు ఆపితె ఏమైతది, తర్వాత మళ్ళ చేసుకోవచ్చు అనుకున్న."

"అది ఆపేది కాదని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్. కని నేనేమన్న చంపాలని చేసిన్నా?"

"శేఖరప్పుడు గూడ ఎవ్వరు చంపాలని చెయ్యలే వదినె" అంది రుక్కమ్మ. "చక్కెర పంచినవ్."

ఆవిరి మీద ఉడుకుతున్న బగారన్నం దగ్గర నిలబడ్డ వంటవాళ్ళు గరిటెలు ఆపి చూశారు. మల్లేశ్వర్ పరుగున వచ్చాడు.

"అప్పగింతలు కానీయ్, పోదాం. జ్వరం లేదు గదనే" అన్నాడు.

"ఈ రోగంల జ్వరం రాక ముందే అంతా అయిపోతది బావా. బండి తియ్. నువ్వు తియ్యకుంటె ఫోను కొడితె వచ్చే డ్రైవర్లు ఇరవై మందున్నరు. నా రొట్టె తిన్నోళ్ళే."

మల్లేశ్వర్ అక్క మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. తాళాలు తీశాడు. బిందు బాసికం నుదుట ఉండగానే కారెక్కింది.

దవాఖానలో మాధవీలత బిందు వేలికి పెట్టిన యంత్రంలో ప్రాణవాయువు తగ్గి తొంభై ఒకటి చూపింది. ఛాతీ ఫోటోలో కుడివైపు పైభాగం తెల్లబడి ఉంది. బరువు తూస్తే రెండు నెలల కిందటి కంటే కిలోన్నర తక్కువ. ఊదమంటే బిందు ఊదింది. యాభై ఎనిమిది.

సింధూర వచ్చి ఉప్పునీళ్ళ ఆవిరి పట్టి, రుక్కమ్మతో పాటు చేతులు కలిపింది. నలభై నిమిషాలకు గానీ కఫం కదల్లేదు. కదిలి వచ్చింది ఆకుపచ్చగా, ముద్దగా, గిన్నె వంచినా జారనంత చిక్కగా ఉంది. దాన్ని పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండానే డాక్టరు పిల్ల చేతికి సూది పెట్టించింది. రెండు రకాల మందులు, రక్తంలోకి, పద్నాలుగు రోజులు.

మల్లేశ్వర్ మెల్లగా అన్నాడు. "మేడం, జ్వరం లేదు. రెండెందుకు? అన్ని దినాలెందుకు? గోళీలు రాసిస్తె ఇంట్లనే..."

"మామూలు పిల్లలకైతే మీరన్నట్టే చేస్తాం" అంది మాధవీలత. "ఈ పిల్ల ఒంట్లో మందు త్వరగా పోతుంది, అందుకే మోతాదు ఎక్కువ. బంక లోపల దాక్కున్న పురుగుకు మందు చేరడం కష్టం, అందుకే రోజులు ఎక్కువ. ఒకదానికి లొంగకపోతే రెండోది పట్టాలి, అందుకే రెండు. బావి మెట్ల మీద పాకురు చూశారా? మొదటి నాడు చేత్తో తుడిస్తే పోతుంది. నెలలు వదిలేస్తే రాతిని పట్టుకుంటుంది. ఇక ఏం చేసినా పోదు, దాని మీదే కాలు జారుతుంది. మొదటి నాడే తుడవాలి."

మూడో నాటికి ఫలితం వచ్చింది. సూడోమోనాస్ అనే పురుగు. బిందు కఫంలో ఇదివరకు ఎన్నడూ లేనిది. తడి ఉండే చోటల్లా, నీళ్ళలో, గొట్టాల్లో బతికేది.

"పెండ్లిలనే పట్టిందా?" అని అడిగింది రుక్కమ్మ.

"చెప్పలేనమ్మా. అంతకుముందే వచ్చి ఉండొచ్చు. కానీ వచ్చిన దానికి మనం నాలుగు రోజులు మంచం వేసి పడుకోబెట్టాం. ఊడ్చే చీపురును కట్టి పెట్టాం."

మనం అంది డాక్టరు. ఆ మనంలో తాను కూడా ఉన్నానని రుక్కమ్మకు తెలుసు. ఫోనులో దగ్గు తగ్గింది అన్నప్పుడు తిట్టాల్సింది తనే. తిట్టలేదు. మురిసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం భారతమ్మ వార్డుకు వచ్చింది. పెళ్ళి పసుపు ఇంకా కాళ్ళ మీద ఉంది. చేతిలో లడ్డూల డబ్బా. గడప దగ్గరే నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక, ఊరంతా మాట్లాడే మాటే మాట్లాడింది.

"దగ్గు తగ్గిందా, రుక్కమ్మా?"

మల్లేశ్వర్ కళ్ళు మూసుకున్నాడు. రుక్కమ్మ లేచింది. డబ్బా తీసుకొని పక్కన పెట్టింది. భారతమ్మ కుడిచేయి పట్టుకొని మంచం దాకా తీసుకొచ్చింది. వేళ్ళు దగ్గరికి నొక్కి గిన్నె చేసింది.

"కొట్టు."

"నా వల్ల కాదే. ఈ చేతులే గదా చెడగొట్టినయ్."

"గా చేతులతోటే కొట్టు. బుజం కింద. కుడి పక్కన."

బిందు తల తిప్పి చూసింది. "గట్టిగనే కొట్టు అత్తమ్మా, నొవ్వదు. పెండ్లిల మొదటి దినం కొట్టినవ్ గదా, గట్లనే."

భారతమ్మ కొట్టింది. మొదట చప్పగా, తర్వాత బోలుగా. కళ్ళల్లోంచి కారుతున్న నీళ్ళు తుడుచుకోవడానికి చేయి ఆపబోతే రుక్కమ్మ ఆపనివ్వలేదు. పావుగంట గడిచింది. బిందు అద్దం మీద ఊదినట్టు మూడుసార్లు ఊది, దగ్గడం మొదలుపెట్టింది. మొహం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బి, మంచం కదిలేలా దగ్గింది. భారతమ్మ భయపడి వెనక్కి జరిగింది. బిందు గిన్నెలో ఉమ్మింది. రుక్కమ్మ ఆ గిన్నెను వదినె ముక్కు దగ్గరికి తెచ్చింది.

"సూడు. సక్కగ సూడు. గిది లోపలుంటె పిల్ల మంచిగున్నట్టు, బయటికొస్తె రోగమొచ్చినట్టు. మీ మండపం మీద గిదంత లోపల పెట్టుకొని కూసున్నది నా బిడ్డ. మీ పెండ్లి సక్కగ కావాలని."

భారతమ్మ గోడకు ఆనుకొని కింద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకొని, "మళ్ళ మాపటికి ఎన్ని గంటలకు చెయ్యాలె?" అని అడిగింది.

"ఆరింటికి" అంది బిందు. తల్లి గిన్నె కడగడానికి పోయింది.

పద్నాలుగు రోజులు నిండాయి. ఇంటికి పోయాక ఇరవై ఎనిమిది రోజులు మరో మందు ఆవిరిగా పీల్చాలి. అది చేతుల పని అయ్యాక, అన్నిటికన్నా చివర. బంక తీసిన గొట్టంలోకే మందు పోతుంది గనుక. ఆ తర్వాత చేసిన పరీక్షల్లో సూడోమోనాస్ కనబడలేదు. మొదటి నాడే తుడిచాం అంది మాధవీలత. బిందు గొట్టంలో ఊదింది. డెబ్బై ఒకటి. నెల తర్వాత ఊదినా డెబ్బై ఒకటి. చలికాలంలో ఊదినా అంతే.

"ఎనభై నాలుగు ఎప్పుడొస్తది?" అని బిందు అడిగింది.

డాక్టరు రుక్కమ్మ వైపు చూసింది. పుండుపడి మచ్చ కట్టిన చోటు తిరిగి ఊపిరితిత్తి కాదు. ఉన్నదాన్ని పోకుండా కాపాడుకోవాలి. ఆ మాట డాక్టరు చెప్పకముందే రుక్కమ్మ చెప్పింది. "గది పోయింది బిడ్డా. ఇది పోనియ్యం."

భారతమ్మ ఆ తర్వాత ప్రతి ఆదివారం బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి శంషాబాద్ వచ్చేది. పొద్దున చేతుల పని ఆమెదే. రుక్కమ్మ ఆమెకు నీళ్ళిచ్చేది, బువ్వ పెట్టేది. మాట మాత్రం అవసరమైనంతే. క్షమించావా అని ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు. పదమూడు అంకెలు పోయిన ఇల్లు అది. చేతులతో వాటిని తేలేమని ఇద్దరికీ తెలుసు.

2014 ఎండాకాలంలో కూడా రేకుల నీడలో పెనం కాలుతూనే ఉంది. ఒక సాయంత్రం కొత్త డ్రైవరొకడు రొట్టె తుంచుతూ తెర వైపు చూశాడు. లోపలి నుంచి దగ్గు, ఆగకుండా, గొంతు చీల్చుకొని వస్తోంది.

"అక్కా, గా పిల్లకు జర దగ్గుమందు పట్టియ్యరాదు? పాపం గోస పడుతున్నది."

పక్కన కూర్చున్న పాత డ్రైవర్లు పళ్ళాలు పట్టుకొని కొంచెం వెనక్కి జరిగారు.

రుక్కమ్మ పిండి చేతులు దులుపుకుంది. తెర వెనక దగ్గు ఆగేదాకా, గిన్నెలో ఉమ్మిన చప్పుడు వినబడేదాకా ఆగింది. అప్పుడు వాడి పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది.

"ఇన్నవా? గది మందు" అంది.